శారదా మఠంలో చేరాలన్న నిర్ణయం గురించి అమ్మానాన్నలకు ఉత్తరం

కోల్‌కతా,
8 జూన్ 2025.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు,

శైలజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మీరిద్దరూ, రవి క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. ఫోనులో చెబితే సగం మాటలు కన్నీళ్లలో పోతాయి, మిగిలిన సగం తలోరకంగా వినిపిస్తాయి. అందుకే రాస్తున్నాను. విషయం ముందే చెబుతాను. నేను పెళ్లి చేసుకోను. దక్షిణేశ్వరంలోని శ్రీ శారదా మఠంలో బ్రహ్మచారిణిగా చేరి, అక్కడి మాతాజీలు అంగీకరిస్తే సన్యాసం తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. బాగా ఆలోచించే తీసుకున్న నిర్ణయం ఇది.

బాపట్ల సంబంధం వారు శ్రావణంలో ముహూర్తాలు చూద్దామంటున్నారని అమ్మ చెప్పింది. ఆ అబ్బాయిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అందుకే వారిని ఆశలో ఉంచడం న్యాయం కాదు. అమ్మాయికి పెళ్లి ఉద్దేశం లేదని ఈ వారంలోనే మర్యాదగా చెప్పేయండి. కారణం ఇప్పుడే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

నాకు ఏదైనా దెబ్బ తగిలిందేమో, ఎవరైనా మోసం చేశారేమో, ఉద్యోగంలో విసిగిపోయానేమో అని మీకు ముందుగా అనుమానం వస్తుంది. అలాంటిదేమీ లేదు. బ్యాంకులో నా పని నాకు ఇష్టం. చిన్న దుకాణం పెట్టుకోవడానికి అప్పు తీసుకున్న ఆమె వాయిదా సక్రమంగా కట్టి నవ్వుతూ వెళుతుంటే ఈనాటికీ సంతోషంగా ఉంటుంది. పెళ్లి మీద ద్వేషమూ లేదు. మీ కాపురం కళ్లారా చూసి పెరిగినదాన్ని, సంసారం తక్కువదని నేనెలా అనగలను?

ఇక్కడికి బదిలీ అయి వచ్చిన కొత్తలో ఆదివారాలు దక్షిణేశ్వరం కాళీ ఆలయానికి వెళ్లేదాన్ని. రాణీ రాసమణి 1855లో కట్టించిన గుడి అది. రామకృష్ణులవారు ఉన్న గది ఆ ఆవరణలోనే ఉంది. కాస్త దూరంలో నహబత్, అంటే ఒకప్పుడు మేళం వాయించే చిన్న మండపం. రామకృష్ణులవారి ధర్మపత్ని శారదామాత ఏళ్ల తరబడి ఉన్నది అందులోని కింది గదిలో. ఒక మనిషి కాళ్లు చాపుకుంటే నిండిపోయేంత గది. వంట సామాను, ఉట్లు, వచ్చిపోయే ఆడవాళ్లు, ఆమె జపం, అన్నీ అందులోనే. మొదటిసారి చూసినప్పుడు నాకు బయటికి రావాలనిపించలేదు. ఇంత ఇరుకులో ఇంత విశాలమైన మనసు ఎలా నిలిచిందన్న ప్రశ్నతోనే మళ్లీ మళ్లీ వెళ్లాను. శారదా మఠం అక్కడికి దగ్గర్లోనే, గంగ ఒడ్డున ఉందని అలా తెలిసింది.

నాన్నగారూ, మన హాల్లో వివేకానందుల పటం పెట్టి, మాకు ఆయన గురించి చెప్పింది మీరే. ఆయన 1894లో అమెరికా నుంచి సోదర సన్యాసికి రాసిన ఉత్తరంలో, ముందు మాతృదేవి కోసం స్త్రీల మఠం రావాలని కోరారు. ఆయన ఉండగా అది జరగలేదు. 1954 డిసెంబరులో, మాత శతజయంతి సమయంలో, శారదా మఠం మొదలైంది. 1959 నుంచి అది పూర్తిగా సన్యాసినులే నడుపుకునే స్వతంత్ర సంస్థ. తొలి అధ్యక్షురాలు ప్రవ్రాజిక భారతీప్రాణ మాతాజీ, శారదామాతకు స్వయంగా సేవ చేసిన వ్యక్తి. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను ఎవరో ఒక బాబా మాటలకు లొంగి వెళుతున్నానని మీరు భయపడకూడదు. అక్కడ గర్భగుడిలో పూజ చేసేది స్త్రీలు, లెక్కలు చూసేది స్త్రీలు, నిర్ణయాలు తీసుకునేదీ స్త్రీలే. వారి రామకృష్ణ శారదా మిషన్ తరఫున బడులు, కాలేజీ, కోల్‌కతాలో మాతృభవన్ అనే ఆసుపత్రి నడుస్తున్నాయి. బాగ్‌బజారులో సోదరి నివేదిత 1898లో ఆడపిల్లల కోసం పెట్టిన బడి ఇప్పుడు నడుపుతున్నదీ వారే.

అయినా బడుల కోసం, ఆసుపత్రుల కోసం నేను వెళ్లడం లేదు. సేవ ఇంట్లో ఉండీ చేయవచ్చని మీరంటారు, అది నిజం. నాకు కావలసింది భగవంతుడు. ఈ మాట మీకు రాయడానికి కూడా బిడియంగా ఉంది, కానీ ఇంతకంటే తక్కువ మాట రాస్తే అది నిజం కాదు. పొద్దున పదిహేను నిమిషాలు దీపం ముందు కూర్చుని, ఆ తర్వాత రోజంతా వేరే బతుకు బతకడం ఇక నా వల్ల కావడం లేదు. పూజ గదిలోనూ, వంటింట్లోనూ, లెక్కల పుస్తకం ముందూ ఒకే ధ్యాస ఉండే బతుకు కావాలి. ఆ బతుకు బతుకుతున్నవారిని అక్కడ చూశాను. వారిలో కోపతాపాలు ఉన్నవారూ ఉన్నారు, నవ్వించేవారూ ఉన్నారు, మనలాంటి మనుషులే. కానీ ఎందుకు లేచామో, ఎవరి కోసం చేస్తున్నామో వారికి స్పష్టంగా తెలుసు.

అమ్మా, ముసలితనంలో నన్ను ఎవరు చూస్తారన్నదే నీ దిగులు. ఒకసారి పెద్ద మాతాజీ ఒకరిని చూడటానికి నన్ను లోపలికి రమ్మన్నారు. మంచం దిగలేని స్థితి. ఒక చిన్న బ్రహ్మచారిణి, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, జావ చెంచాతో తినిపిస్తోంది. ఒక్కో చెంచా ముందు తన చేతి వెనక వేసుకుని వేడి చూసుకుంటోంది. ఆమెకు నోటి చివర కారితే మెత్తటి గుడ్డతో తుడిచి, చెవి దగ్గరికి వంగి ఆ పూట బడిలో పిల్లలు చేసిన అల్లరి చెబుతోంది. పెద్దావిడ పళ్లు లేని నోటితో నవ్వారు. కన్న కూతురు అంతకంటే శ్రద్ధగా చూస్తుందని నేను అనుకోను. రాత్రి వేరొకరు, పొద్దున మరొకరు, వంతులవారీగా ఆమె దగ్గర ఉంటారు. కాబట్టి నేను దిక్కులేనిదాన్ని అవుతానన్న ఆలోచన మనసులోంచి తీసేయి.

బంధువుల మాటలు మీకు తగులుతాయి. దానికి నేను చేయగలిగింది తక్కువ. ఒక్క మాట మాత్రం అడుగుతాను. తిరుమల వెళ్లిన ప్రతిసారీ వెంగమాంబ పేరుతో ఉన్న అన్నప్రసాద భవనంలో కళ్లకద్దుకుని భోంచేస్తావు కదమ్మా. ఆ తల్లి చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, ఊరు విధించిన కట్టుబాట్లకు తలొగ్గక, స్వామి సేవలోనే బతుకంతా గడిపింది. ఆనాటి బంధువులు ఆమెను ఎన్ని అని ఉంటారో! ఆమెతో నన్ను పోల్చుకోవడం లేదు. ఆడపిల్ల ఇలా బతకడం మన నేలకు కొత్త కాదని చెబుతున్నానంతే.

ఇక కష్టమైన సంగతి. దీన్ని దాచి మీ అంగీకారం పొందడం నాకు ఇష్టం లేదు. చేరగానే సన్యాసం ఇవ్వరు. మొదట కొంతకాలం వారు నన్ను, నేను ఆ జీవితాన్ని పరీక్షించుకుంటాం. కుదరకపోతే ఇంటికి తిరిగి రావడానికి ఏ అడ్డూ లేదు. కొన్నేళ్లకు బ్రహ్మచర్య దీక్ష, మరికొన్నేళ్లకు సన్యాసం. ఆ రోజున విరజాహోమం చేసి, నా శ్రాద్ధం నేనే పెట్టుకోవాలి. మన ఇంటిపేరు నాకు ఉండదు, మీరు పెట్టిన పేరూ ఉండదు. రవి పెళ్లిలో అక్కగా నేను నిలబడలేకపోవచ్చు. ఇది చదివి అమ్మ గుండె కలుక్కుమంటుందని తెలుసు, రాస్తుంటే నా గుండె కూడా అలాగే ఉంది. కానీ పేరు వదిలినంత మాత్రాన మీ మీది ప్రేమ వదలడం జరగదు. వివేకానందులు సన్యాసి అయ్యాక కూడా తల్లి భువనేశ్వరీదేవి బాధ్యత మరవలేదు. ఖేత్రీ రాజా ఆమెకు నెలకు వంద రూపాయలు పంపేలా ఏర్పాటు చేశారు. 1901లో ఆమెను తూర్పు బెంగాల్ తీర్థాలకు వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. మీరు మఠానికి వచ్చి నన్ను చూడవచ్చు, ఉత్తరాలు రాసుకుందాం.

డబ్బు విషయాలు క్లుప్తంగా. నా చదువు అప్పు తీరిపోయింది, నా పేరున వేరే బాకీలు లేవు. పీఎఫ్, నా ఖాతాలో ఉన్న మొత్తం అమ్మ పేరున వేస్తాను. నా ఉద్యోగం వల్ల మీకున్న వైద్య బీమా రాజీనామాతో ఆగిపోతుంది కాబట్టి, జీతం ఆగేలోగా మీ ఇద్దరికీ విడిగా పాలసీ తీసుకుంటాను. అమ్మ షుగర్ పరీక్షలు, నాన్నగారి కంటి ఆపరేషన్ ఆలస్యం చేయకండి. కంటి ఆపరేషన్‌కు నేను ఇంటికి వచ్చి దగ్గరుండి చేయిస్తాను. నా పెళ్లికని చేయించిన గాజులు, చంద్రహారం రవికి కాబోయే భార్యకు ఇవ్వండి. రవికి ఈ సంగతి ఇంకా తెలియదు. మీకంటే ముందు ఇంట్లో మరెవరికీ తెలియకూడదని చెప్పలేదు.

రాజీనామా కూడా ఇంకా ఇవ్వలేదు. జూలై మొదట్లో ఇద్దామనుకుంటున్నాను, మూడు నెలల నోటీసు ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి ఇంటికి వస్తాను. అక్టోబరులో ఉద్యోగం పూర్తవగానే మళ్లీ వచ్చి, దీపావళి మీతో చేసుకుని, కార్తీకంలో మఠానికి వెళతాను. మీరు కోప్పడినా, మాట్లాడకుండా కూర్చున్నా నేను వస్తాను. అడగవలసినవన్నీ అడగండి, ఎన్నిసార్లు అడిగినా జవాబు చెబుతాను. నిర్ణయం మాత్రం మారదని ముందే చెప్పడం మంచిదనిపించింది, లేకపోతే నన్ను మార్చవచ్చన్న ఆశతో మీరు వృథాగా బాధపడతారు.

మఠంలో మాతాజీ నన్ను మొదట అడిగిన ప్రశ్న, ‘ఇంట్లో చెప్పావా?’ అని. మీతో మాట్లాడాకే మిగతా సంగతులన్నారు. నాన్నగారూ, వీలైతే వ్రతం అయ్యాక నాతోపాటు మీరిద్దరూ కోల్‌కతా రండి. ఆ చోటు చూడండి, మాతాజీతో మీరే మాట్లాడండి, మీ అనుమానాలన్నీ నేను లేకుండా అడగండి. రైలు టిక్కెట్లు తీయమంటే ఇప్పుడే తీస్తాను, హౌరా వైపు రైళ్లలో సీట్లు త్వరగా అయిపోతాయి. రెండు మూడు రోజులు ఆలోచించుకుని ఫోను చేయండి. అమ్మ మాట్లాడలేకపోతే మీరైనా చేయండి.

మీ ఆశీస్సులు కోరుతూ,

మీ కూతురు
శైలజ