గేటు దగ్గర భద్రతా కెమెరాల ఏర్పాటుకు ప్రతిపాదన

నెల్లూరు, దర్గామిట్ట
తేదీ: 8-2-2026

అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, కమిటీ సభ్యులందరికీ,
ఫ్లాట్ నంబర్ 304 నుంచి నమస్కారాలు.

విషయం: మెయిన్ గేటు దగ్గర 4 సీసీ కెమెరాలు, వాటి ఖర్చు, రికార్డింగు దాచే పద్ధతి, నివాసుల గోప్యత. 22వ తేదీ ఆదివారం జరిగే మీటింగులో చర్చించి తీర్మానం చేయవలసిందిగా మనవి.

మొన్న సంక్రాంతికి మనలో సగం మందిమి తాళాలు వేసుకుని కావలి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు సొంతూళ్లకు వెళ్లాం. కనుమ మరునాడు తిరిగొచ్చేసరికి పార్కింగులో ఒక గేర్ సైకిల్ కనిపించలేదు. సాయంత్రానికల్లా మాట వాచ్‌మన్ మీద పడింది. ఎదురుగా ఎవరూ అనలేదు కానీ, మెట్ల దగ్గర అనుకున్న మాటలు ఆయన చెవిన పడకుండా ఉంటాయా? రెండు రోజులు ఆయన భార్య ఏ ఫ్లాట్‌కూ పనికి రాలేదు. మూడో రోజు తెలిసింది, పండక్కి వచ్చిన చుట్టాల పిల్లవాడు పంక్చర్ వేయించడానికి సైకిల్‌ను షాపులో ఇచ్చి మరిచిపోయాడని. నేను వెళ్లి పలకరిస్తే వాచ్‌మన్ ఒకటే అన్నాడు: "కెమెరా ఉండుంటే నా మీద మాట పడేది కాదు సార్."

ఈ ప్రతిపాదన రాయాలనిపించింది ఆ మాట వల్లే. దొంగను పట్టుకోవడం ఎంత ముఖ్యమో, నిర్దోషి మీద నింద పడకుండా చూడటం అంతకన్నా ముఖ్యం అనుకుంటున్నాను. అందుకే కెమెరా గేటుకు సాక్షిగా ఉండాలి తప్ప మనుషుల మీద నిఘాగా మారకూడదు. కింద రాసిన ప్రతి నియమం ఆ ఉద్దేశంతో రాసిందే.

అవసరం ఇంకా ఉంది. డిసెంబరులో అర్ధరాత్రి ఏదో బండి చిన్న గేటును గుద్ది వెళ్లిపోతే, వెల్డింగుకు, కొత్త బందులకు సొసైటీ డబ్బు 7,400 రూపాయలు పోయాయి. రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు వచ్చే జనం బండ్లన్నీ మన వీధిలోకే వస్తాయి. ఎవరి బండి గేటుకు అడ్డంగా ఉందో, ఎవరి బంపర్ ఎవరికి తగిలిందో తేల్చలేక మాటామాటా పెరగడం ఏటా చూస్తున్నాం. ఆ పండగ జరిగే మొహర్రం ఈసారి జూన్‌లో వస్తోంది. ఆలోపు పని పూర్తవ్వాలని నా కోరిక.

కెమెరాలు ఎక్కడ

పోయిన శనివారం నిచ్చెన వేసుకుని, ఫోన్ కెమెరాతో ఒక్కోచోట ఏం కనిపిస్తుందో స్వయంగా చూశాను. నాలుగు చాలు. ఒకటి పెద్ద గేటులో లోపలికి వచ్చేవాళ్ల ముఖం కనపడేలా. రెండోది బండి నంబరు ప్లేటు కోసం, దాదాపు నడుము ఎత్తులో, జూమ్ సరిచేసుకునే రకం. మూడోది మనుషులు నడిచే చిన్న గేటుకు. నాలుగోది సెల్లార్ ర్యాంపు మొదట్లో. లిఫ్టులో, మెట్ల మీద, ఫ్లాట్ల తలుపుల ముందు, టెర్రస్ మీద కెమెరాలు వద్దు.

మన గేటు పడమర ముఖం. సాయంత్రం 5 దాటితే ఎండ సూటిగా పడి, లోపలికి వచ్చే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. అందుకని వెలుగు, నీడలను సరిచేసే డబ్ల్యూడీఆర్ సౌకర్యం ఉన్న కెమెరాలే తీసుకోవాలి. ఐపీ67 రకం అయితే మన తుపాను వానలకు తట్టుకుంటుంది. సముద్రపు గాలికి మేకులు త్వరగా తుప్పు పడతాయి కనుక క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాలి.

అలా చూస్తున్నప్పుడే ఒక సంగతి గమనించాను. కెమెరాను గేటు కుడి స్తంభం మీద పెడితే వాచ్‌మన్ గది ముందున్న కొళాయి పూర్తిగా ఫ్రేములోకి వస్తోంది. వాచ్‌మన్ భార్య అంట్లు తోముకునేది, పిల్లాడికి స్నానం చేయించేది అక్కడే. ఎడమ స్తంభం మీద పెట్టి రెండడుగులు బయటికి జరిపితే కొళాయి పోయి, ఎదురింటి వరండా వస్తోంది. అక్కడ ఒంటరిగా ఉండే పెద్దావిడను అడిగాను. "మా వరండా పడకుండా పెట్టుకోండి నాయనా, ఇంకేం అభ్యంతరం లేదు" అన్నారు. కాబట్టి ఎడమ స్తంభమే ఖాయం చేసి, వరండా ఉన్న భాగాన్ని రికార్డర్‌లోనే నల్లగా కప్పేయాలి. దాన్ని ప్రైవసీ మాస్క్ అంటారు. కప్పిన భాగం రికార్డే కాదు, తర్వాత తీసి చూడాలన్నా కుదరదు. బిల్లు చెల్లించే ముందు ఆ పెద్దావిడకూ, వాచ్‌మన్ కుటుంబానికీ స్క్రీన్ చూపించి సరే అనిపించుకోవాలి.

ఖర్చు

ట్రంకు రోడ్డులో రెండు షాపుల్లో కొటేషన్లు తీసుకున్నాను, రెండూ జత చేశాను. తక్కువ ధర చెప్పినవాళ్లు హార్డ్ డిస్కు మామూలు కంప్యూటర్‌ది వేస్తామన్నారు. అది 24 గంటలు రాసే పనికి నిలబడదు. అందుకే రెండో కొటేషన్ ప్రకారం లెక్క ఇస్తున్నాను.

4 మెగాపిక్సెల్ కెమెరాలు 3, ఒక్కోటి 3,800 చొప్పున: 11,400
నంబరు ప్లేటు కెమెరా 1: 9,500
8 ఛానళ్ల రికార్డర్: 7,500
కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్: 5,200
4 టీబీ సర్వైలెన్స్ హార్డ్ డిస్కు: 10,500
కేబుల్, పైపులు: 6,000
యూపీఎస్: 6,500
తాళం ఉన్న ఇనుప పెట్టె, పిడుగుల నుంచి రక్షణకు సర్జ్ ప్రొటెక్టర్, ఎర్తింగ్: 4,800
బిగింపు కూలి: 6,000
బోర్డులు: 1,000

మొత్తం 68,400. జీఎస్‌టీ 18 శాతం, అంటే 12,312 కలిపితే 80,712. చేతిలో కొంచెం ఉంచుకుని 84,000 రూపాయలు మంజూరు చేయమని కోరుతున్నాను. ఇందులో 40,000 కార్పస్ ఫండ్ నుంచి తీసుకుంటే, మిగిలిన 44,000 మన 32 ఫ్లాట్లకు తలా 1,375 రూపాయలు. ఇది ఆస్తికి పెట్టే ఖర్చు కాబట్టి యజమానులే భరించాలి, అద్దెకున్న వారి మీద వేయకూడదు.

నడిపే ఖర్చు పెద్దదేమీ కాదు. మొత్తం సామాను 45 వాట్లు లాగితే నెలకు 32 యూనిట్లు. ఏడాదికి కరెంటు 3,500, మెయింటెనెన్స్ కాంట్రాక్టు 6,000 వేసుకున్నా, యూపీఎస్ బ్యాటరీ కోసం కొంత పక్కన పెట్టినా, ఫ్లాటుకు నెలకు 30 రూపాయలు సరిపోతాయి.

కెమెరాల నెట్‌వర్క్ భద్రతకు కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ నిబంధనకు తగిన మోడలేనని షాపువాళ్లు బిల్లు మీద రాసి ఇవ్వాలి. పాత స్టాకు చౌకగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

రికార్డింగు ఎన్ని రోజులు, ఎక్కడ

30 రోజులు. జనం ఎక్కువగా వచ్చే సంస్థల కోసం 2013లో మన రాష్ట్రంలో చేసిన ప్రజా భద్రత చట్టం కూడా 30 రోజులే చెప్పింది. మనకూ అదే సబబు. పండక్కి ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి చూసుకోవడానికి ఆ గడువు చాలు. మూడు కెమెరాలు 2 ఎంబీపీఎస్ చొప్పున, ప్లేటు కెమెరా 4 ఎంబీపీఎస్ వేగంతో రాస్తే రోజుకు 108 జీబీ, నెలకు 3,240 జీబీ అవుతుంది. 4 టీబీ డిస్కులో 37 రోజుల రికార్డింగు పడుతుంది. అయినా ఖాళీ ఉంది కదా అని ఉంచకుండా, 30 రోజులు దాటింది తనంతట తానే చెరిగిపోయేలా రికార్డర్‌లో సెట్ చేయాలి.

రికార్డర్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. క్లౌడ్ వద్దు, ఫోన్లలో లైవ్ వద్దు. కొందరు మిత్రులు "అందరి ఫోన్లలో యాప్ వేసుకుంటే మంచిది కదా" అన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే కానీ నేను గట్టిగా వద్దంటున్నాను. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చే ఆడపిల్ల ఎన్నింటికి వచ్చింది, ఎవరి బండి మీద దిగింది అన్నది 32 ఫోన్లలో కనిపిస్తే, అది భద్రత కాదు, ఆ పిల్లకు రోజూ టెన్షన్. శబ్దం రికార్డు చేసే మైకు కూడా ఆఫ్‌లోనే ఉండాలి.

ఇంటర్నెట్ లేకపోతే ఒక చిక్కుంది: రికార్డర్ గడియారం మెల్లగా తప్పుతుంది. ప్రతి నెల 1వ తేదీన ఫోన్ టైముతో పోల్చి, ఎంత తేడా ఉందో రిజిస్టరులో రాసి, ఆ తర్వాతే సరిచేయాలి. టైము తప్పుగా ఉన్న వీడియో మీద కేసు నిలబడటం కష్టం.

ఎవరు చూడొచ్చు

పాస్‌వర్డ్ రెండు ముక్కలుగా ఉండాలి. ఒక ముక్క కార్యదర్శి దగ్గర, రెండోది కమిటీలో లేని ఒక మహిళా నివాసి దగ్గర. ఆమెను జనరల్ బాడీ ఎన్నుకోవాలి. ఇద్దరూ ఉంటేనే పెట్టె తెరవాలి, ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేయాలి: ఎవరు అడిగారు, ఏ కారణం, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట వరకు చూశారు.

నష్టం జరిగిన వారు, యజమానైనా అద్దెదారైనా, కాగితం మీద రాసి అడగాలి. ఆ కొద్ది నిమిషాలు మాత్రమే చూపిస్తాం. స్క్రీన్‌ను ఫోన్‌తో తీయడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నిషేధం. వాచ్‌మన్ మీద, పనివాళ్ల మీద ఫిర్యాదు వస్తే, వాళ్లకు చూపించకుండా నిర్ణయం తీసుకోకూడదు. పసిపిల్లలు, పెద్దవాళ్లు కనిపించకపోయిన సందర్భంలో కాగితం కోసం ఆగొద్దు. వెంటనే చూసి, రిజిస్టరు తర్వాత రాయాలి.

పోలీసులు అడిగితే లిఖితపూర్వకంగా తీసుకుని, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే ఆ భాగం మాత్రం కాపీ చేసి ఇవ్వాలి. కోర్టుకు పనికిరావాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్, అందులో ఫైలు మారలేదని చూపే హాష్ విలువ ఉండాలి. కాబట్టి ఆ పని నేర్పించడం కూడా షాపువాళ్ల కాంట్రాక్టులో చేర్చాలి. అలా తీసిపెట్టిన క్లిప్పులను మూడు నెలలకోసారి చూసి, అవసరం తీరినవి చెరిపేయాలి.

దేనికి వాడకూడదు

వాచ్‌మన్ హాజరుకు, పనిమనుషులు వచ్చే టైములకు, అద్దెదారుల ఇంటికి ఎవరొస్తున్నారో లెక్కపెట్టడానికి, బ్యాచిలర్ల మీద పంచాయితీకి వాడకూడదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఎందుకు సేకరిస్తున్నామో చెప్పాలి, అవసరం తీరాక ఉంచకూడదు అన్నది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోని మూలసూత్రం. ఎవరైనా నియమం మీరితే ఆ సంవత్సరానికి వారిని రికార్డర్ బాధ్యతల నుంచి తప్పించి, మీటింగు మినిట్స్‌లో రాయాలి. కమిటీ సభ్యులకూ ఇదే వర్తించాలి.

గేటు రెండు వైపులా తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో బోర్డు ఉండాలి. తెలుగు పాఠం ఇదీ: "ఇక్కడ భద్రత కోసం కెమెరాలు రికార్డు చేస్తున్నాయి. శబ్దం రికార్డు కాదు. 30 రోజుల తర్వాత చెరిగిపోతుంది. సందేహాలుంటే కార్యదర్శిని కలవండి."

తీర్మానానికి ముసాయిదా: "గేటు దగ్గర 4 కెమెరాల ఏర్పాటుకు 84,000 రూపాయలు మంజూరు చేస్తూ, పై నియమాలను సొసైటీ నియమాలుగా ఆమోదిస్తూ, ఆరు నెలల తర్వాత రిజిస్టరును జనరల్ బాడీ ముందు ఉంచి, కొనసాగించాలా మార్చాలా అన్నది ఓటింగు ద్వారా నిర్ణయించాలని తీర్మానించడమైనది."

అద్దెకున్న 11 కుటుంబాలకు ఓటు లేకపోయినా మాట చెప్పే అవకాశం ఇవ్వండి. వాచ్‌మన్‌ను కూడా మీటింగుకు పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆయన అభిప్రాయం అడగండి. బిగించే రోజున నిచ్చెన దగ్గర నిలబడటానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఫ్లాట్ నంబర్ 304 యజమాని

జత చేసినవి: రెండు కొటేషన్లు, కెమెరాల స్థానాలు గుర్తించిన గేటు పటం, ఫోన్‌తో తీసిన ఆరు ఫొటోలు.