ఏసీఈ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు: దగ్గు, పొటాషియం, గర్భం మీద పది ప్రశ్నలు, జవాబులు

ఫార్మకాలజీ రివిజన్ కోసం. ముందు మీ జవాబు కాగితం మీద రాసుకోండి, పక్కన కారణం కూడా ఒక్క ముక్కలో రాయండి. ఈ అంశంలో ఆప్షన్ సరిగ్గా పెట్టి కారణం తప్పు రాసేవాళ్లే ఎక్కువ. అలాంటి జవాబు కేసు కాస్త మారగానే తలకిందులవుతుంది.

ప్రశ్న 1. 52 ఏళ్ల మహిళ రక్తపోటుకు రోజూ రామిప్రిల్ 5 మి.గ్రా. వేసుకుంటున్నారు. మొదలుపెట్టి రెండు నెలలైంది. మూడు వారాలుగా పొడి దగ్గు, గొంతులో గరగర, పడుకుంటే ఇంకా ఎక్కువ. కఫం, జ్వరం, ఆయాసం లేవు. ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంది. బీపీ 128/80. మీరు ఏం చేస్తారు?

అ) రామిప్రిల్ 2.5 మి.గ్రా.కు తగ్గిస్తాం
ఆ) లిసినోప్రిల్‌కు మారుస్తాం
ఇ) కోడీన్ సిరప్ రాస్తాం
ఈ) రామిప్రిల్ ఆపి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. మొదలుపెడతాం

జవాబు: ఈ.

ఏసీఈ అనే ఎంజైముకు రెండు పనులు. యాంజియోటెన్సిన్-1ని యాంజియోటెన్సిన్-2గా మార్చడం ఒకటి, బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టడం రెండోది. ఈ రెండో పని వల్లే దానికి కైనినేజ్-2 అన్న పేరూ ఉంది. మందు ఎంజైమును అడ్డుకుంటే రెండు పనులూ ఆగుతాయి. శ్వాసనాళాల్లో బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్-పి పేరుకుని అక్కడి నరాల కొసలను గిల్లుతాయి, దగ్గు మొదలవుతుంది. ఏఆర్‌బీ ఎంజైము జోలికి వెళ్లదు. యాంజియోటెన్సిన్-2 వచ్చి కూర్చునే ఏటీ-1 రిసెప్టర్‌ను మాత్రమే మూసేస్తుంది. బ్రాడీకైనిన్ ఎప్పటిలాగే విరిగిపోతూ ఉంటుంది.

ఇక తప్పు ఆప్షన్ల సంగతి. ఈ దగ్గు డోసును బట్టి వచ్చేది కాదు కాబట్టి అ) పనికిరాదు. ఇది ఈ వర్గం మందులన్నిటికీ ఉన్న గుణం కాబట్టి ఒక ‘ప్రిల్’ నుంచి ఇంకో ‘ప్రిల్’కు మారినా లాభం లేదు. ఇ) అన్నిటికన్నా చెడ్డ జవాబు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి రెండో మందు, అది తెచ్చే మలబద్ధకానికి మూడో మందు.

చిన్న పిట్టకథ: కాప్టోప్రిల్ తయారీకి దారి చూపింది బ్రెజిల్ జరారాకా పాము విషం. బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచే పెప్టైడ్లు అందులో దొరికాయి. అంటే దగ్గుకు కారణమైన గుణం ఈ మందుల పుట్టుకలోనే ఉంది.

ప్రశ్న 2. పై రోగి టెల్మిసార్టాన్‌కు మారి పది రోజులైంది. ‘ఇంకా దగ్గు తగ్గలేదు, ఈ మందు కూడా పడట్లేదేమో’ అంటున్నారు. మీ సలహా?

జవాబు: టెల్మిసార్టాన్ ఆపకూడదు. రామిప్రిల్ దగ్గు ఆపిన మర్నాడే పోదు. సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది, కొందరిలో మూడు నెలల దాకా పట్టవచ్చు. ఈ మాట మందు మార్చిన రోజే రోగికి చెప్పాలి. చెప్పకపోతే పదో రోజున నింద కొత్త మందు మీద పడుతుంది, ఆమెకు సరిపోయే మందు అనవసరంగా ఆగిపోతుంది. మూడు నెలలు దాటినా దగ్గు ఉంటే ఆస్తమా, ఆమ్లం పైకి తన్నడం, ముక్కు వెనక నుంచి స్రావాలు దిగడం వంటి కారణాలు వెతకాలి.

ఏఆర్‌బీతో దగ్గు దాదాపు ప్లాసిబో స్థాయిలోనే ఉంటుంది. 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో దగ్గు వల్ల మందు మానేసినవాళ్లు రామిప్రిల్ వైపు 4.2 శాతం, టెల్మిసార్టాన్ వైపు 1.1 శాతం.

ప్రశ్న 3. ఎనాలాప్రిల్ వాడే 70 ఏళ్ల వ్యక్తికి దగ్గు. రాత్రి రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గానీ నిద్రపట్టదు. కాళ్ల వాపు, వారంలో 3 కిలోల బరువు పెరిగారు. ఏఆర్‌బీకి మార్చాలా?

జవాబు: మొదట గుండె వైఫల్యం ముదిరిందేమో చూడాలి. ‘ప్రిల్’ కనబడగానే దగ్గును దానికి అంటగట్టడం ఈ రోగికి ప్రమాదం.

ప్రశ్న 4. తప్పా, ఒప్పా? ‘ఏసీఈ ఇన్హిబిటర్‌తో పొటాషియం పెరిగితే ఏఆర్‌బీకి మార్చాలి.’

జవాబు: తప్పు.

దగ్గు విషయంలో నేర్చుకున్న తేడాను పొటాషియానికి కూడా అంటించేయడం వల్ల వచ్చే పొరపాటు ఇది. పొటాషియం దారి వేరు. యాంజియోటెన్సిన్-2 అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరోన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టెరోన్ మూత్రపిండంలోని కలెక్టింగ్ డక్ట్ దగ్గర సోడియంను నిలిపి పొటాషియంను బయటికి పంపుతుంది. యాంజియోటెన్సిన్-2 తయారు కాకపోయినా, తయారై రిసెప్టర్ దొరక్కపోయినా ఆల్డోస్టెరోన్ తగ్గేది తగ్గుతుంది. బ్రాడీకైనిన్‌కు ఇక్కడ పనేం లేదు. కాబట్టి పొటాషియం పెరగడంలో ‘ప్రిల్’, ‘సార్టాన్’ రెండూ ఒకే తానులో ముక్కలు.

ప్రశ్న 5. కింది చీటీలో పొటాషియం పెంచే అంశాలన్నీ గుర్తించండి. రోగి 68 ఏళ్ల పురుషుడు, మధుమేహం ఉంది. క్రియాటినిన్ 1.8 మి.గ్రా./డె.లీ., ఈజీఎఫ్ఆర్ 40, పొటాషియం లీటరుకు 4.9 మిల్లీమోల్స్.

టెల్మిసార్టాన్ 80 మి.గ్రా. ఉదయం
రామిప్రిల్ 5 మి.గ్రా. రాత్రి
స్పైరనోలాక్టోన్ 25 మి.గ్రా. ఉదయం
ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. ఉదయం
ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. మూడు పూటలా, మోకాళ్ల నొప్పికి
ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్, 7 రోజులు
చీటీ అడుగున: ‘ఉప్పు తగ్గించండి, తక్కువ సోడియం ఉప్పు వాడండి’

జవాబు: ఆమ్లోడిపిన్ తప్ప అన్నీ.

టెల్మిసార్టాన్, రామిప్రిల్ కలపడం మొదటి తప్పు. ఆన్‌టార్గెట్‌లో ఈ రెండూ కలిపితే అదనపు మేలు ఏమీ కనబడలేదు, బీపీ పడిపోవడం, మూత్రపిండాల ఇబ్బంది, పొటాషియం పెరగడం మాత్రం ఎక్కువయ్యాయి. ఒకటి తీసేయాల్సిందే. స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టెరోన్‌కు ఉన్న మిగతా దారినీ మూస్తుంది. ఐబుప్రొఫెన్ రెనిన్‌ను తగ్గిస్తుంది, మూత్రపిండాలకు రక్తం అందడాన్నీ దెబ్బతీస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా వదిలేసేవి చివరి రెండు. ట్రైమెథోప్రిమ్‌ను యాంటీబయాటిక్‌గానే చూస్తారు గానీ అది కలెక్టింగ్ డక్ట్‌లోని సోడియం ఛానళ్లను అమిలోరైడ్ లాగే మూసేస్తుంది. వారం రోజుల కోర్సే కదా అనుకోవద్దు, పొటాషియం ఆ వారంలోనే పెరగవచ్చు. ఇక తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు వేసేది చాలావరకు పొటాషియం క్లోరైడే. రోగి దాన్ని మందుగా లెక్కపెట్టరు, అడిగితే తప్ప చెప్పరు. ‘ఏ ఉప్పు వాడుతున్నారు?’ అని విడిగా అడగాలి.

ప్రశ్న 6. లోసార్టాన్ మొదలుపెట్టిన రెండు వారాలకు చేసిన పరీక్షలు ఇవి. ఎవరికి ఏం చేస్తారు?

రోగి 1: క్రియాటినిన్ 1.0 నుంచి 1.25, పొటాషియం 4.8
రోగి 2: క్రియాటినిన్ 1.0 నుంచి 1.5, పొటాషియం 5.3
రోగి 3: క్రియాటినిన్ 1.0 నుంచి 1.05, పొటాషియం 6.3, రిపోర్టు కింద ‘శాంపిల్ హీమోలైజ్ అయింది’ అని ఉంది

జవాబు: రోగి 1కి పెరుగుదల 25 శాతం. 30 శాతం లోపు అయితే మందు కొనసాగించి, 1-2 వారాల్లో మళ్లీ పరీక్షిస్తాం. గ్లోమెరులస్ లోపలి ఒత్తిడి తగ్గినప్పుడు క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే.

రోగి 2కి 50 శాతం. డోసు తగ్గించాలి లేదా ఆపాలి. వాంతులు, విరేచనాలు, ఎక్కువ డైయురెటిక్, నొప్పి మాత్రలు ఉన్నాయా అని అడగాలి. ఏవీ లేకపోతే రెండు వైపులా మూత్రపిండ ధమనులు సన్నబడ్డాయేమో చూడాలి. అక్కడ ఏసీఈ ఇన్హిబిటర్ చేసే హానే ఏఆర్‌బీ కూడా చేస్తుంది.

రోగి 3 దగ్గర తొందరపాటూ వద్దు, తాత్సారమూ వద్దు. ఎర్రకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి అంకె తప్పుగా పెరుగుతుంది. వెంటనే ఇంకో శాంపిల్ పంపి, అది వచ్చేలోగా ఈసీజీ తీయాలి. టి-వేవ్ మొనదేలి ఉన్నా, క్యూఆర్ఎస్ వెడల్పయినా రిపోర్టు కోసం ఆగకుండా కాల్షియం గ్లూకోనేట్ సిరలోకి ఇవ్వాలి. రెండో శాంపిల్‌లోనూ 6.0 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే లోసార్టాన్ ఆపాలి. మందు మొదలుపెట్టకముందే పొటాషియం 5.0 దాటి ఉంటే, కారణం సరిచేశాకే మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న 7. పెదవులు, నాలుక వాచి మాట ముద్దగా వస్తున్న రోగి. లిసినోప్రిల్ వాడుతున్నారు. ఏఆర్‌బీకి మార్చవచ్చా?

జవాబు: ముందు శ్వాసమార్గం కాపాడాలి. లిసినోప్రిల్‌ను, ఆ మాటకొస్తే ఏ ‘ప్రిల్’నూ, మళ్లీ ఇవ్వకూడదు. ఇది బ్రాడీకైనిన్ వాపు కాబట్టి యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్‌కు సరిగా లొంగదు. తర్వాత ఏఆర్‌బీ అవసరమైతే జాగ్రత్తగా ఇవ్వవచ్చు. సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ మాత్రం వద్దు. ఏసీఈ ఇన్హిబిటర్‌తో ఇలా వాపు రానివాళ్లలో కూడా, మార్చేటప్పుడు 36 గంటల విరామం ఉండాలి.

ప్రశ్న 8. 29 ఏళ్ల మహిళ, లోసార్టాన్ 50 మి.గ్రా. వాడుతున్నారు. నెల తప్పి పరీక్ష చేసుకుంటే గర్భం ఖాయమైంది, 7 వారాలు. బీపీ 146/94. ‘ఏఆర్‌బీ దగ్గు కూడా రానివ్వదు, కాబట్టి సురక్షితమైనది’ అని సహవిద్యార్థి అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: లోసార్టాన్ ఈ రోజే ఆపాలి. ‘ప్రిల్’కు మార్చడం జవాబు కాదు. గర్భంలో రెండూ నిషిద్ధమే. రెనిన్‌ను నేరుగా అడ్డుకునే అలిస్కిరెన్ కూడా అంతే.

బదులుగా లాబెటలాల్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టవచ్చు. ఆస్తమా ఉంటే అది వద్దు, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ గానీ మిథైల్‌డోపా గానీ ఇవ్వాలి. అటెనొలాల్ వద్దు, శిశువు ఎదుగుదల కుంటుపడే అవకాశం ఉంది.

ఆమె తప్పక అడిగే ప్రశ్న: ‘ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల వల్ల బిడ్డకు ఏమైనా అయిందా?’ మొదటి మూడు నెలల్లో ఏసీఈ ఇన్హిబిటర్లు అవయవ లోపాలు తెస్తాయని 2006లో ఒక అధ్యయనం చెప్పింది. తల్లికి ఉన్న రక్తపోటు, మధుమేహం లాంటివి లెక్కలోకి తీసుకున్న తర్వాతి అధ్యయనాల్లో ఆ సంబంధం బలంగా నిలవలేదు. పొరపాటున వేసుకున్నంత మాత్రాన గర్భం తీసేయాల్సిన పనిలేదు. స్కానింగ్‌లో శిశువును వివరంగా చూడాలి.

ప్రశ్న 9. అదే మందు 26వ వారం దాకా కొనసాగితే శిశువులో వరసగా ఏం జరుగుతుంది?

జవాబు: గర్భం సగానికి వచ్చేసరికి ఉమ్మనీటిలో ఎక్కువ భాగం శిశువు మూత్రమే. శిశువు మూత్రపిండాలు వడపోతకు యాంజియోటెన్సిన్-2 మీద బాగా ఆధారపడతాయి. దాన్ని అడ్డుకుంటే మూత్రం తగ్గుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. నీరు లేని గర్భసంచిలో ఊపిరితిత్తులు ఎదగవు, కాళ్లూ చేతులూ కదల్లేక బిగుసుకుపోతాయి. పుర్రె ఎముకలు సరిగా గట్టిపడవు. పుట్టాక మూత్రం రాకపోవడం, బీపీ పడిపోవడం, మరణం కూడా సంభవిస్తాయి. రాసేటప్పుడు ఈ వరస తప్పకండి. మూత్రపిండం దగ్గర మొదలుపెడితే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ప్రశ్న 10. ప్రసవమైంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఆరోగ్యంగా ఉంది, తల్లి పాలిస్తున్నారు. మూత్రంలో ప్రొటీన్ పోతున్నందున ఏసీఈ ఇన్హిబిటర్ కావాలి. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవచ్చు. ఎనాలాప్రిల్ పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది, దాన్ని ఎంచుకోవచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఆగడం మంచిది. తల్లికి పొటాషియం, క్రియాటినిన్ 1-2 వారాల్లో చూడాలి. మందుతో పాటే గర్భనిరోధం గురించి కూడా మాట్లాడాలి. మళ్లీ నెల తప్పితే స్కానింగ్ అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే మాత్ర ఆపి ఫోన్ చేయమని చీటీ మీద రాసివ్వాలి.