గుంట కాపలా: చదివి జవాబులు రాయండి (పదో తరగతి)

“ఆ రాత్రి మైపాడు దగ్గర మా రొయ్యల గుంట మీద కాపలా ఉన్నది నేనే. కన్ను మూయలేదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు తెల్లవార్లూ వింటూనే ఉన్నా. రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. తెమ్మని అన్నకు చెప్పే ఉంటాను. కాకుల గోలకు మెలకువ వచ్చి చూస్తే, రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. అన్న ఏమీ అనలేదు. నా జేబులో సినిమా టికెట్టు వైపు చూశాడు. అది మొన్నటిది.”

1. కరెంటు లేకపోతే, డీజిల్ కూడా లేకపోతే ఏరేటర్లు తిరగవు. మరి ‘తెల్లవార్లూ’ చప్పుడు ఎలా విన్నాడు? అతను నిద్రపోయాడని బయటపెట్టే మాట ఏది?

2. ‘చెప్పాను’ అనకుండా ‘చెప్పే ఉంటాను’ అన్నాడు. తేడా ఏమిటి? తొందరపడకండి. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన మాట ఇదే.

3. టికెట్టు మొన్నటిదని ఎవరూ అడగకుండానే ఎందుకు చెప్పాడు?

4. గుంట నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ సంగతి అన్నకు తెలుసు అనుకోండి. అతని మౌనాన్ని ఎలా అర్థం చేసుకుంటారు? అదే ఉదయాన్ని అన్న మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

5. ఇతను మనకు అబద్ధం చెబుతున్నాడా, తనను తానే నమ్మించుకుంటున్నాడా? ‘అబద్ధాలకోరు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే మార్కులు ఇవ్వను. అతని మాటల్లో మీరు నిజమని నమ్మినవి కూడా చూపించి, ఎందుకు నమ్మారో రాయాలి.