మీకు తెలుగు వచ్చా అన్న మెసేజికి యానాం నుంచి జవాబు

వచ్చిన మెసేజి:

నమస్కారం మేడమ్. నా పేరు సెల్వి, పుదుచ్చేరి నుంచి రాస్తున్నాను. మత్స్యకారుల ఫోన్లకు తుపాను హెచ్చరికలు మాటల్లో పంపే పని చేస్తున్నాం. కారైకాల్‌కి తమిళం గొంతు, మాహేకి మలయాళం గొంతు దొరికాయి. యానాంకి తెలుగు గొంతు కావాలి. మీరు స్కూల్లో పనిచేసి రిటైరయ్యారని, మైకులో బాగా చదువుతారని మీ నంబరు ఇచ్చారు. మీ అడ్రసులో పుదుచ్చేరి అని ఉంది కాబట్టి ముందుగా అడుగుతున్నాను: మీకు తెలుగు మాట్లాడటం వచ్చా? ఇది మా ఆఫీసులో తెలుగు తెలిసిన అబ్బాయి చేత టైపు చేయించాను.

జవాబు:

సెల్వి గారూ, నమస్కారమండి.

వచ్చండి. మీరు అడగడంలో తప్పేం లేదు. కాగితాల మీద చూస్తే మాది పుదుచ్చేరి, బయటికొచ్చి నిలబడితే చుట్టూ ఆంధ్ర. ఫ్రెంచివాళ్లు 1954లో వెళ్లిపోయేదాకా ఇక్కడ ఆఫీసు కాగితాలు ఫ్రెంచిలో నడిచినా, రేవులోనూ చేపల బజార్లోనూ ఎప్పుడూ తెలుగే. నేను పుట్టింది గౌతమి ఒడ్డున, పిల్లలకి చెప్పింది తెలుగు పాఠాలు.

అయితే 'వచ్చు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మీకు ఏం తెలుస్తుంది? తెలుగు వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. పడవ మీద ఇంజిను మోతలో ఫోను చెవికి ఆనించుకున్న మనిషికి ఒక్కసారికే అర్థమయ్యేలా చెప్పడం వేరే పని. అందుకని మీ పనికి పనికొచ్చేదే రాసి పంపుతున్నాను. దీన్నే చదివి వాయిస్ మెసేజి కూడా పెడతాను. మీ ఆఫీసు అబ్బాయి చేత వినిపించుకోండి. ఒక్క మాటండి, ఇది నమూనా మాత్రమే. దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి. ఇలాంటివి గ్రూపుల్లో పడితే జనం నిజమనుకుని టెన్షన్ పడిపోతారు.

నమూనా:

"యానాం, దరియాలతిప్ప, చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారులకు తుపాను హెచ్చరిక. ఎవరూ వేటకు వెళ్లొద్దు. బంగాళాఖాతంలో తుపాను బలపడింది. రేపు రాత్రికి కాకినాడ దగ్గర తీరం దాటే అవకాశం ఉంది. వేటలో ఉన్నవాళ్లు వలలు తీసేసి వెంటనే ఒడ్డుకు వచ్చేయండి. చేపల కోసం ఆగొద్దు. బోట్లు సముద్రం ఒడ్డున వదలొద్దు. నది లోపలికి తెచ్చి గట్టిగా కట్టుకోండి. బోటుకి కాపలా అని ఎవరూ అందులో పడుకోవద్దు.

పూరిళ్లలో, రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు ఈ సాయంత్రం వెలుగు ఉండగానే తుపాను షెల్టరుకి వెళ్లిపోండి. ముసలివాళ్లని, బాలింతలని, చంటిపిల్లలని ముందు పంపించండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెంట ఉంచుకోండి. ఫోన్లు ఇప్పుడే ఛార్జింగ్ పెట్టుకోండి. గేదెల పలుపులు విప్పేయండి.

ఇది జాగ్రత్తగా వినండి. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను వెళ్లిపోయిందని అనుకోవద్దు. తుపాను కన్ను మీ ఊరి మీదకు వచ్చి ఉండొచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ వస్తుంది. అధికారులు చెప్పేదాకా షెల్టరులోంచి బయటికి రావొద్దు. ఈ కబురు మళ్లీ వినాలంటే ఒకటి నొక్కండి."

గాలి ఆగడం గురించిన ఆ చివరి భాగం మీరు రాసుకున్న హెచ్చరికలో లేకపోతే తప్పకుండా పెట్టించండి. గాలి ఆగింది కదా అని బోటు చూసుకోవడానికో, కొబ్బరిచెట్టు ఏమైందోనని పెరట్లోకో వెళ్లేవాళ్లు ఉంటారు. రెండో గాలి వాళ్లని బయట ఉండగా పట్టుకుంటుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను సంగతి ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. మా వైపు, కోనసీమలో తోటలకి తోటలే నేలకూలాయి, వేటకి వెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. చేతిలో ఫోను లేని రోజులవి. ఇప్పుడు ఫోను ఉంది కాబట్టి అందులో మన గొంతు తిన్నగా ఉండాలి.

రాసింది చదవడం ఎవరైనా చేస్తారు కదా అని మీకు అనిపిస్తే, మాట్లాడే తెలుగు కూడా చూడండి. తుపాను రోజున తల్లీ కొడుకూ ఇలా మాట్లాడుకుంటారు:

"ఒరేయ్ నాన్నా, ఎక్కడున్నార్రా?"

"భైరవపాలెం దగ్గరికి వచ్చేశామమ్మా. ఇంకో వల ఉంది, తీసుకుని వచ్చేస్తాం."

"వల పోతే పోయిందిరా, మళ్లీ కొనుక్కోవచ్చు. ముందు నువ్వు ఒడ్డెక్కు. మీ మావయ్య వాళ్లు పొద్దున్నే వచ్చేశారు."

"నాన్న ఏమన్నాడు?"

"ఆయన రేవులోనే నిలబడ్డాడు, అన్నం కూడా తినలేదు. పోటు మీదుంది, గాలీ తిరిగింది. వచ్చెయ్యి నాన్నా."

మీరు పంపే హెచ్చరిక ఈ మాటలకి దగ్గరగా ఉంటే కొడుకు వింటాడు. 'తీరప్రాంత మత్స్యకార సోదరులకు విజ్ఞప్తి చేయడమైనది' అని మొదలుపెడితే సగంలోనే ఫోను కట్ చేస్తాడు. నేను చదివేటప్పుడు ముఖ్యమైన మాట ముందు చెబుతాను, వేటకు వెళ్లొద్దు అన్నది మొదటి పది సెకన్లలోనే వచ్చెయ్యాలి. ఒక్కో వాక్యానికి ఒక్కటే పని చెబుతాను. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు ఒక్కటే చెప్పి వదిలేయొద్దండి, దానితోపాటు ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. పదో నంబరు అంటే పెద్ద ప్రమాదమని పెద్దవాళ్లకి తెలుసు, కొత్తగా బోటెక్కిన కుర్రాళ్లకి తెలియకపోవచ్చు.

ఎప్పుడు పంపుతారన్నది కూడా చూసుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు సముద్రంలో పెద్ద బోట్లు ఉండవు. ఆ తర్వాత గోదారికి వరద నీరు తగిలితే పులస వస్తుంది. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అంటారు మా దగ్గర, దాని ధర అలాంటిది. ఆ రోజుల్లో ఒక్క చేప పడినా వారం గడుస్తుందన్న ఆశతో వెళతారు, వెళ్లొద్దంటే వినడం కష్టం. అక్టోబరు, నవంబరు తుపాన్లు మా వైపు గట్టిగా ఉంటాయి. రికార్డింగు సెప్టెంబరు లోపల అయిపోతే మంచిది.

మీ దగ్గర రాసిన కాగితం ఉంటే పంపండి, తెలుగు నేను సరిచేస్తాను. అర్థం మార్చను, మార్చాల్సి వస్తే ముందు మిమ్మల్ని అడుగుతాను. రికార్డు చేసేముందు దరియాలతిప్పలో ఇద్దరు ముగ్గురు బోటువాళ్లకి వినిపించి, వాళ్లు ఎక్కడ ఆగి 'ఏంటమ్మా?' అంటారో అక్కడ మళ్లీ రాయిస్తాను. దానికి రెండు రోజులు పడుతుంది. డబ్బుల విషయం మీ పద్ధతి ఎలా ఉంటే అలాగే కానివ్వండి, బేరం లేదు. ఫోను చెయ్యాలంటే సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యండి. తమిళం నాకు అంతగా రాదు, ఫోనులో ఆ అబ్బాయిని పక్కన ఉంచుకోండి.

ఉంటానండి,
సత్యవతి, యానాం