గుమ్మ బ్లాకు క్షేత్ర సహాయకుడి ఉద్యోగం: మీ ఉత్తరానికి జవాబు

పర్లాఖిమిడి
అక్టోబరు 6, 2025

మేడమ్ గారికి నమస్కారం.

శనివారం సాయంత్రం మీ మెయిల్ చూశాను. ఆదివారమంతా ఆలోచించుకుని ఇప్పుడు జవాబు రాస్తున్నాను. జిల్లా చోళ్ళ కొనుగోలు సమన్వయకర్త ఉద్యోగం నాకు రాలేదని మొదటి వాక్యంలోనే చెప్పేశారు. అందుకు ముందుగా ధన్యవాదాలు. నాలుగు పేరాలు పొగిడి, చివర్లో 'అయితే' అని మొదలుపెట్టే ఉత్తరాలు ఇంతకు ముందు అందుకున్నవాణ్ణే. కారణం కూడా దాచలేదు మీరు. జిల్లా మొత్తం కొనుగోలు చూడాలంటే పదిమందితో పని చేయించిన అనుభవం ఉండాలి. సవర భాష మాట్లాడగలిగిన మనిషైతే మరీ మంచిది. ఎంపికైన ఆయనకు రెండూ ఉన్నాయన్నారు. మీ కుర్చీలో నేనున్నా ఆయన్నే తీసుకునేవాణ్ణి. నా అభినందనలు ఆయనకు చెప్పండి.

బాధ లేదని మాత్రం అనను. ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకుని మా అమ్మకు ఆశ పెట్టేశాను. ఆ సంగతి ఇంట్లో తేలిపోయింది లెండి.

ఇక గుమ్మ బ్లాకులో క్షేత్ర సహాయకుడిగా రమ్మన్నారు కదా, వస్తాను. సంతోషంగానే వస్తాను. పెద్దది దొరకలేదు కాబట్టి చిన్నదాంతో సర్దుకుంటున్నాడని మీకు అనిపించకుండా, ఎందుకు వస్తున్నానో చెప్తాను.

రైసు మిల్లులో నా పని లెక్కలు రాయడమే అయినా, కాటా దగ్గర నిలబడిన రోజులే ఎక్కువ. ధాన్యం తేమ పదిహేడు శాతం దాటితే తరుగు ఎలా కోస్తారో, దాటకపోయినా ఏ మాట చెప్పి కోస్తారో రోజూ చూస్తున్నవాణ్ణి. అటువైపు నిలబడి నేర్చుకున్నది ఇటువైపు రైతుకు పనికొస్తుందని ఇంటర్వ్యూలో చెప్పాలనుకున్నాను. మాట అక్కడిదాకా రాలేదు. చోళ్ళకు తేమ హద్దు పన్నెండు శాతం. కొండ మీది నుంచి మూట నెత్తిన పెట్టుకుని దిగిన మనిషికి మీటరు పదమూడున్నర చూపిస్తే, ఆ మూట తిరిగి కొండెక్కదు. దారిలో ఏదో ఒక దుకాణంలో అడిగిన ధరకు దిగిపోతుంది. ఈ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, నిరుడు 4,290. ధర ఎంత పెరిగినా, మండీ గుమ్మం దాకా వచ్చిన మూట వెనక్కి పోతే ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.

దీనికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు. మండీ దగ్గర నాలుగు టార్పాలిన్లు, రెండు జల్లెడలు, ఎండ బాగా ఉన్న పూట, 'ఇక్కడే ఆరబోయండి, సాయంత్రం మళ్లీ కొలుద్దాం' అని చెప్పే మనిషి ఒకడు ఉంటే చాలు. అంతకంటే మంచిది, మీటరు పట్టుకుని వారం ముందే ఊళ్లకు వెళ్లి కళ్ళంలోనే చూసి చెప్పడం. ఆ పని సమన్వయకర్త చెయ్యలేరు, ఆయనకు ఏడు బ్లాకులున్నాయి. మీరు నాకు ఇస్తానన్న ఉద్యోగమే అది. నిజం చెప్పొద్దూ, మీ మెయిల్లో పని వివరాలు రెండోసారి చదివినప్పుడే నాకు హుషారొచ్చింది.

సవర సంగతి. సంతలో బేరానికి పనికొచ్చే నాలుగు ముక్కలు తప్ప నాకు రాదు, ఆ మాట ఇంటర్వ్యూలోనే చెప్పాను. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. అంతటి పని నావల్ల కాదు గానీ, కాటా, తేమ, బస్తా, బ్యాంకు ఖాతా, డబ్బులు ఎప్పుడు పడతాయి అనేంత భాష సంక్రాంతి నాటికి పట్టేస్తాను. గుమ్మలోనే గది తీసుకుని ఉంటాను. రోజూ పర్లాఖిమిడి నుంచి వచ్చిపోతే భాష రాదు, ఊళ్లూ తెలియవు. ఒడియా మాట్లాడ్డం మీరు విన్నారు. రాతలో ఇంకా కుదురు రావాలి. నెల నెలా పంపే నివేదిక మొదటి మూడు నెలలూ ఎవరైనా ఒకసారి దిద్దిపెడితే చాలు.

ఇక అడగాల్సినవి మూడున్నాయి. వీటిలో ఏది కాదన్నా మాట వెనక్కి తీసుకోను, కానీ అడక్కుండా వచ్చి తర్వాత మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు.

జీతం నెలకు పదహారు వేలన్నారు. మిల్లులో పద్నాలుగు వస్తోంది. జీతం పెంచమని అడగను, అది మీ బడ్జెట్లో ఎలా ఉందో నాకు అర్థమైంది. కానీ బండి నాది, ఊళ్లన్నీ కొండ దారులు. నా అంచనాకు నెలకు మూడు వేల దాకా పెట్రోలుకే పోతుంది. పైన గది అద్దె. అంటే ఇప్పుడొచ్చేదాని కంటే చేతికి తక్కువే మిగులుతుంది. తిరిగిన కిలోమీటర్ల లెక్కన పెట్రోలు విడిగా ఇప్పించగలిగితే నాకు పెద్ద ఊరట. రోజువారీ పుస్తకం రాసి చూపిస్తాను. లెక్కలు రాయడం ఎలాగూ నా పనే కదా.

రెండోది, ఈ కొనుగోలు సీజను ముగిశాక ఒక గంట నాకోసం కేటాయించండి. నా పని ఎలా ఉందో, పైమెట్టుకు ఇంకా ఏం కావాలో ఇప్పుడు చెప్పినంత సూటిగానే అప్పుడూ చెప్పండి. 'మళ్లీ ఖాళీ వస్తే నీకే' అనే మాట నేను అడగడం లేదు. మీరు అలాంటి మాట ఇవ్వకపోవడమే నాకు నచ్చింది. ఏం నేర్చుకోవాలో తెలిస్తే చాలు.

మూడోది చేరే తేదీ. మీరు నవంబరు 1 అన్నారు. మా మిల్లు యజమానికి నెల ముందు చెప్పాలి. ఇవాళే చెప్తున్నాను. కొత్త ధాన్యం వచ్చే ముందు ఆయన్ని నడిమధ్యలో వదిలేస్తే బాగుండదు, పుస్తకాలన్నీ అప్పజెప్పి రావాలి. నవంబరు 10, సోమవారం చేరనివ్వండి. ఆ రోజు చోళ్ళ పండుగ మాండియా దివస్ కాబట్టి ఆఫీసులో అందరూ పనిమీద ఉంటారు, నాకు పని చూపించడానికి ఎవరూ ఖాళీగా ఉండరు. అందుకే 8, 9 తేదీల్లో, శని ఆదివారాలైనా సరే, వచ్చి మనుషుల్ని పరిచయం చేసుకుని, మీటరు వాడకం చూసి వెళ్తాను. ఆ రెండు రోజులకు జీతం లెక్క వేయక్కర్లేదు.

కొత్త సమన్వయకర్త గారు ఒప్పుకుంటే ఈలోగా ఆయనతో ఒకసారి ఫోనులో మాట్లాడాలని ఉంది. ఆయన కిందే పని చేయబోతున్నాను కాబట్టి, అదే ఉద్యోగానికి నేనూ దరఖాస్తు పెట్టానన్న సంగతి నా నోటి నుంచే తెలియడం మంచిదనిపించింది. పోయిన సీజనులో గుమ్మ వైపు ఏయే ఊళ్ల నుంచి మూటలు వెనక్కి పోయాయో జాబితా ఏమైనా ఉంటే అదీ పంపించమనండి, చదువుకుని వస్తాను.

మీరడిగిన చదువు సర్టిఫికెట్ల నకళ్లు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, డ్రైవింగ్ లైసెన్సు దీనితో జతచేశాను. మిల్లు నుంచి అనుభవ పత్రం మాత్రం చివరి రోజున ఇస్తామన్నారు, అది చేతికి రాగానే నేనే తెచ్చిస్తాను. నియామక పత్రంలో పెట్రోలు సంగతి ఎలా తేలిందో ఒక ముక్క రాయించండి.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం దాటిపోయిందని, బయట కూర్చున్న మా అందరికీ భోజనం తెప్పించారు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు చెప్తున్నాను. థ్యాంక్స్ మేడమ్.

ఉంటాను,
రమణ