మా తాతయ్య గురించి

పెద్దలందరికీ నమస్కారం. తాతయ్య దశదిన కర్మకి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, సంతోషం.

నేను మొదట రాసుకున్న కాగితంలో కష్టజీవి, నిజాయితీపరుడు, అందరి మంచి కోరిన మనిషి అని ఉంది. నిన్న రాత్రి చదివి వినిపిస్తే నానమ్మ, "ఇందులో మీ తాత ఎక్కడున్నాడే?" అంది. అందుకే ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి మళ్లీ రాశాను.

తాతయ్య ఆర్టీసీ కండక్టరు. సికింద్రాబాద్ నుంచి జూపార్క్ వెళ్లే డబుల్ డెక్కర్ మీద కూడా పనిచేశారు. రిటైరయ్యాక కూడా చిల్లర ధ్యాస పోలేదు. రాంనగర్ ఇంట్లో గుమ్మం పక్క గూట్లో రూపాయి, రెండు, ఐదు బిళ్లలకి వేర్వేరు డబ్బాలు. మేం చెప్పులేసుకుంటున్న చప్పుడు వినిపిస్తే చాలు, లోపలి నుంచి "చిల్లరుందా?" అని కేక. ఉందంటే నమ్మేవారు కాదు, చూపించాలి. ఇప్పుడంతా ఫోన్‌లోనే కడుతున్నాం తాతయ్యా అంటే, "చార్జింగ్ అయిపోతేనో?" అని దోసిట్లో పోసేవారు.

చిల్లర లేనప్పుడు కండక్టర్లు టికెట్ వెనక బాకీ రాసిస్తారు కదా. అఫ్జల్‌గంజ్‌లో ఒక ముసలమ్మ బాకీ అడగడం మరిచిపోయి దిగిపోయిందట. ఆ డబ్బులు కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, అదే ట్రిప్పులో రోజూ ఆమె కోసం చూశారట. కనబడ్డ రోజు ఆమెకి గుర్తే లేదట, బలవంతాన చేతిలో పెట్టొచ్చారని నాన్న చెప్పారు. ఇంట్లోనూ అదే పద్ధతి. తమ్ముడికి పాత టికెట్ వెనక "సైకిల్ బాకీ" అని రాసి సంతకం పెట్టిచ్చారు. పెన్షన్ బకాయిలొచ్చిన రోజు వాడు ఆ టికెట్ తెచ్చి ముందు పెట్టాడు. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని చదివి, చించి, చొక్కా తొడుక్కున్నారు. సాయంత్రానికి సైకిలొచ్చింది.

కోపమూ ఎక్కువే. అయితే అరిచేవారు కాదు, ఇస్త్రీ పెట్టె తీసేవారు. ఖాకీ బట్టల నాటి అలవాటు. అత్తయ్య తనకు నచ్చిన అబ్బాయిని చేసుకుంటానన్న రోజు ఇంట్లో దిండు గలీబులతో సహా అన్నీ ఇస్త్రీ అయ్యాయి. ఆఖరికి అత్తయ్య పెళ్లి చీర కూడా ఆయనే ఇస్త్రీ చేశారు.

జనవరిలో నుమాయిష్‌కి వెళ్తే పిల్లలందరి అరచేతుల్లో ఇంటి ఫోన్ నంబరు రాసేవారు. స్టాలు స్టాలుకీ తలలు లెక్కపెట్టేవారు. ఒకసారి లెక్కలో ఒక తల ఎక్కువొచ్చింది. ఎవరి బాబో మాతో కలిసిపోయాడు. మైకులో చెప్పించి, వాళ్లమ్మ వచ్చేదాకా వాడిని భుజాన వేసుకుని నిలబడ్డారు. మా మిర్చి బజ్జీలు ఆ రోజు ఆలస్యమయ్యాయి.

ఇక్కడ ఆయన డిపో స్నేహితులు చాలామంది ఉన్నారు. మాకు తెలియని సంగతులు మీ దగ్గరుంటాయి. భోజనాలయ్యాక దయచేసి వెంటనే బయల్దేరకండి. నానమ్మ లోపలి గదిలో ఉంది. వెళ్లి పక్కన కూర్చుని ఒక్కటైనా చెప్పండి.