మగవారి మెడికల్ వార్డు సిబ్బందికి లేఖ: 4వ గది రోగి విషయంలో ఐసొలేషన్ జాగ్రత్తలు

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, నర్సింగ్, హౌస్‌కీపింగ్ సిబ్బందికి నమస్కారం.

నిన్న 4వ గదికి మార్చిన 62 ఏళ్ల రోగి మూత్రం కల్చర్‌లో కార్బపెనెమ్ మందులకు లొంగని క్లెబ్సియెల్లా పెరిగింది. ఇది గాలిలో కాక ప్రధానంగా మన చేతుల ద్వారా, రోగి దగ్గర వాడిన వస్తువుల ద్వారా మరొకరికి చేరుతుంది కనుక, గదిలోకి వెళ్లే ముందే గౌను, గ్లోవ్స్ తొడుక్కుని, బయటికి వచ్చే ముందు గ్లోవ్స్‌ను ఎరుపు సంచిలో, డిస్పోజబుల్ గౌనును పసుపు సంచిలో వేసి, చేతులు శుభ్రం చేసుకోవాలి. గ్లోవ్స్ వేసుకున్నామన్న ధీమాతో ఈ చివరి పని మానకండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది యూరిన్ బ్యాగు. ఖాళీ చేసేటప్పుడు దాని గొట్టం మూతి కొలపాత్ర అంచుకు తగలకూడదు. నిన్న రౌండ్లలో ఆ పాత్రను చేతులు కడిగే సింకులోనే కడగడం చూశాను; ఈ బాక్టీరియా సింకు గొట్టాల్లో నెలల తరబడి నిలవగలదు, కాబట్టి మూత్రాన్ని స్లూయిస్ గదిలోనే పారబోయండి. క్యాథెటర్ ఇంకా అవసరమా అని రోజూ డాక్టర్ గారిని అడగండి.

బీపీ కఫ్, స్టెతస్కోపు, థర్మామీటరు ఆ గదిలోనే ఉండాలి. మంచం కమ్మీలను, తలుపు పిడిని ప్రతి షిఫ్టులో తుడవాలి. స్కానింగ్‌కు పంపే ముందు ఆ విభాగానికి ఫోన్ చేయండి.

రోగికి, ఆయన భార్యకు విషయం వివరించాను. ఆయన్ను అంటరానివాడిలా చూడకండి. పిలిస్తే ఆలస్యం చేయకుండా వెళ్లండి. జ్వరం తగ్గినా నేను రాతపూర్వకంగా చెప్పేవరకు జాగ్రత్తలు సడలించవద్దు.

ఇట్లు,
ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు